ఫ్రాస్ట్ పటం Cu⁺ విషయంలో ఎప్పుడు చెల్లుతుంది?

ప్రశ్న: ఫ్రాస్ట్ పటంలో Cu⁺ గీతకు పైన ఉంది కాబట్టి అది డిస్‌ప్రపోర్షనేట్ అవుతుందని చదివాను. మరి CuCl తెల్లటి పొడిగా సీసాలో అలాగే ఎలా ఉంటోంది? పటం తప్పా?

పటం తప్పు కాదండీ. మీరు చూసింది నీటిలో విడిగా ఉన్న Cu⁺ పటం. క్లోరైడ్ ఉన్నచోట వేరే పటం గీయాలి.

డిగ్రీ ప్రయోగశాలలో నేను ఎర్రటి క్యుప్రస్ ఆక్సైడ్‌ను సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి, అది పూర్తిగా కరిగిపోతుందని ఎదురుచూశాను. ద్రావణం నీలమైంది గాని అడుగున ఎర్రపొడి మిగిలింది. ఆక్సైడ్ ఇంకా చర్య జరపలేదేమోనని గంటసేపు ఆమ్లం పోస్తూ వేడిచేశాను, ఏ మార్పూ లేదు. చివరకు వడగట్టి, కడిగి, ఆరబెట్టి తూచాను: 1.43 గ్రాముల ఆక్సైడ్‌కు దాదాపు 0.64 గ్రాములు వచ్చింది. అంటే సరిగ్గా సగం రాగి లోహంగానూ, మిగతా సగం Cu²⁺గానూ మారాయన్నమాట.

పటం గీసి ఉంటే ఆ గంట మిగిలేది. Cu²⁺/Cu⁺ క్షయకరణ పొటెన్షియల్ 0.16 వోల్టులు, Cu⁺/Cu ది 0.52. ఫ్రాస్ట్ పటంలో నిలువు అక్షం మీద పెట్టాల్సింది పొటెన్షియల్ కాదు, లోహంతో పోల్చినప్పుడు దాన్ని ఎలక్ట్రాన్ల సంఖ్యతో గుణించిన విలువ (విద్యార్థులు ఎక్కువగా జారేది ఇక్కడే). కాబట్టి Cu సున్న దగ్గర, Cu⁺ 0.52 దగ్గర, Cu²⁺ రెండింటి మొత్తమైన 0.68 దగ్గర ఉంటాయి. రెండు కొసలనూ కలిపే గీత ఆక్సీకరణ స్థితి 1 దగ్గర 0.34 గుండా వెళ్తుంది. Cu⁺ దానికి 0.18 పైన ఉంది. చర్య పొటెన్షియల్ దానికి రెట్టింపు, అంటే 0.36 వోల్టులు; సమతాస్థితి స్థిరాంకం సుమారు 10⁶.

ఇప్పుడు క్లోరైడ్ గాఢత 1 మోలార్ అనుకోండి. CuCl/Cu పొటెన్షియల్ 0.14కు పడిపోతుంది, Cu²⁺/CuCl ది 0.54కు పెరుగుతుంది. కొసలు రెండూ కదలలేదు, మొత్తం మళ్లీ 0.68, కాని మధ్య బిందువు 0.14కు దిగి గీతకు కిందికి వచ్చింది. కరగని CuCl ఏర్పడటం వల్ల నీటిలో స్వేచ్ఛగా ఉండే Cu⁺ చాలా తగ్గిపోవడమే దీనికి కారణం. అదే ఆక్సైడ్‌ను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి చూస్తే, గాలి తగలనంతవరకు దాదాపు రంగులేని ద్రావణం వస్తుంది, రాగి మిగలదు. దానిని నీటిలో పోస్తే తెల్లటి CuCl అడుగున చేరుతుంది.

పటం చెప్పనిది వేగం ఒక్కటే. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా గీతకు బాగా పైనే ఉంటుంది, అయినా సీసాలో నెలల తరబడి నిలుస్తుంది. చిటికెడు MnO₂ వేస్తే మాత్రం వెంటనే నురగలు కక్కుతుంది.