కథను 16వ కిలోమీటరు దగ్గర నిలపండి

“నా కథలో 52 ఏళ్ల ఆవిడ, ఏళ్ల తరబడి అత్తగారికి సేవ చేశాక, మొదటి హాఫ్ మారథాన్ పూర్తి చేస్తుంది. ముగింపు సినిమాలా వచ్చింది. నమ్మేలా ఎలా రాయాలి?”

ముగింపు గీత కన్నా 16వ కిలోమీటరు మీద ఎక్కువ రాయండి. తొలిసారి పరిగెత్తేవాళ్లలో చాలామంది సాధనలో 16, 18 కిలోమీటర్లు దాటరు. ఆ తర్వాతి దూరం కాళ్లకు కొత్త.

ఆవిడ వేగం కిలోమీటరుకు 8 నిమిషాలు అనుకోండి. అంటే 21.1 కిలోమీటర్లకు దాదాపు 2 గంటల 49 నిమిషాలు. గుంపు హుషారులో మొదటి 5 కిలోమీటర్లు 7 నిమిషాల చొప్పున పరిగెత్తిందనుకుందాం. పక్కనామె పలకరిస్తే ఒక్క వాక్యం కూడా పూర్తిగా చెప్పలేకపోయింది. వేగం ఎక్కువైందనడానికి గుర్తు అదే. ఫలితం 16 దగ్గర తెలుస్తుంది, తొడలు బరువెక్కిపోతాయి.

అక్కడి నుంచి 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక చేయించండి. హైదరాబాద్ అయితే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పూర్తిగా నడకే. అత్తగారిని మెల్లగా కూర్చోబెట్టి, కాసేపు ఆగి, అప్పుడు నిలబెట్టిన అలవాటు ఆవిడకు ఇక్కడే అక్కరకొస్తుంది. నాకైతే మీ కథకు ప్రాణం ఇదే అనిపిస్తోంది.

పతకానికి ఒక్క వాక్యం చాలు. మర్నాడు మెట్లు ఎక్కడం కన్నా దిగడమే కష్టమవుతుంది, అది మాత్రం తప్పకుండా రాయండి.