పాత సున్నపు గోడకు చెమ్మ: పూత వేశాక ఇంకా పైకి పాకుతోంది

"తాతల నాటి గానుగసున్నం ఇల్లు. చెమ్మ మోకాలెత్తున ఉండేది. సిమెంటు ప్లాస్టరు, వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించాక నడుము దాకా ఎక్కింది. ఏం చేయాలి?"

చెమ్మ పైకి ఎక్కడానికి కారణం బహుశా ఆ పూతేనండి. పునాది నుంచి ఇటుక పీల్చిన నీరు ఇదివరకు సున్నం గుండా కిందనే ఆరిపోయేది. ఆ దారి మూసుకుపోవడంతో పూత లేని చోటు వెతుక్కుంటూ పైకి పోతోంది.

1. ముందు ఇంటి బయట చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది. లోపలి గచ్చు కంటే బయటి నేల ఎత్తుగా ఉంటే గోడ అడుగు తడిమట్టిలో నానుతున్నట్టే. గోడ వెంబడి మట్టిని గచ్చు కంటే జానెడు కిందికి తీయించి, నీరు అవతలికి పోయేలా వాలు పెట్టించండి. పునాది అడుగు దాకా మాత్రం తవ్వొద్దు. చూరు నీళ్లు, పైపు లీకులు కూడా చూసుకోండి.

2. చెమ్మ కొలిచే మీటరు రీడింగు ఒక్కటే నమ్మకండి. గోడలో ఉప్పు ఉన్నా అది తడి అనే చూపిస్తుంది.

3. సిమెంటును చెమ్మ గీతకు పైన అడుగు దాకా చేతి ఉలితో తీయించండి. తెల్లటి ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి. కడిగితే మళ్లీ లోపలికే ఇంకుతుంది.

4. గోడను ఆరనివ్వండి. అంగుళం మందానికి నెల అని ఉజ్జాయింపు లెక్క. 18 అంగుళాల గోడకు ఏడాది పైనే పట్టొచ్చు. ఆ తర్వాతే సున్నం ప్లాస్టరు, పైన సున్నం వెల్ల.