రిటర్న్ రేటు కాదు, వస్తువు తిరిగొచ్చిందా లేదా చూడండి

"మా ఆన్‌లైన్ దుకాణంలో రిటర్న్‌లు 40 శాతం దాటిన ఖాతాలను ఆపేశాం. తీరా చూస్తే అందులో మంచి కస్టమర్లే ఎక్కువ. మోసం చేసేవాళ్లను విడిగా ఎలా పట్టుకోవాలి?"

రిఫండ్‌లన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఇలా అవుతోంది. ముందు వాటిని విడదీయండి. వస్తువు గోదాముకు తిరిగొచ్చి, తనిఖీలో సరిపోయినవి ఒకవైపు. "అందలేదు", "పెట్టె ఖాళీగా ఉంది" అన్న మాట మీద, వస్తువు రాకుండానే డబ్బు ఇచ్చినవి మరోవైపు. మొదటి రకం ఎన్ని ఉన్నా అనుమానం లెక్కలోకి తీసుకోకండి.

ఉదాహరణకు ఒకరు 30 ఆర్డర్లలో 14 వెనక్కి పంపారనుకోండి. అన్నీ బట్టలే, ఒకే చొక్కా రెండు సైజుల్లో తెప్పించుకుని, సరిపోనిది పంపేశారు. పద్నాలుగూ గోదాములో స్కాన్ అయ్యాయి. ఇంకొకరికి 22 ఆర్డర్లలో 5 రిఫండ్‌లే. కానీ ఐదూ వస్తువు రానివి, ఐదూ ఖరీదైన చిన్న వస్తువులు, పైగా కొరియర్ దగ్గర నమోదైన పార్సిల్ బరువు సరిగ్గానే ఉంది. మీ 40 శాతం గీత మొదటివారిని పట్టుకుని రెండోవారిని వదిలేస్తుంది.

అయితే రెండో రకం కనిపించగానే మోసమని గుడ్డిగా తేల్చేయొద్దు. అదే వారం అదే డెలివరీ రూట్‌లో ఇతరులూ "అందలేదు" అని ఉంటే లోపం కొరియర్‌ది. ఆ ఫిర్యాదులను లెక్కలోంచి తీసేయండి. మూడు ఆర్డర్లలో రెండు పోయినంత మాత్రాన ఏమీ తేలదు, కనీసం పది డెలివరీలు చూడండి. చిరునామా కలిసిందని ఖాతాలను ముడిపెట్టకండి, హాస్టల్ మొత్తానికి ఒకే చిరునామా ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా రెండో రకం రిఫండ్‌లు ఎక్కువే అనిపించినా ఖాతా ఆపొద్దు. తర్వాతి ఆర్డర్లకు డెలివరీ ఓటీపీ పెట్టండి, ఫిర్యాదు వస్తే మనిషి చూశాకే డబ్బు వెళ్లనివ్వండి.