1/x^p: సున్నా వైపు ఏ p, అనంతం వైపు ఏ p?

ప్రశ్న: ∫ 1/x^p dx కి p ఒకటి కంటే ఎక్కువైతేనే కన్వర్జ్ అవుతుందని ఒకచోట చదివాను, తక్కువైతేనే అవుతుందని ఇంకోచోట ఉంది. ఏది కరెక్ట్? ఇది కన్‌ఫ్యూజ్ కాకుండా గుర్తుపెట్టుకునే మార్గం ఉందా?

రెండూ కరెక్టే. 0 నుంచి 1 దాకా అయితే p < 1 కావాలి. 1 నుంచి అనంతం దాకా అయితే p > 1 కావాలి. p = 1 అయితే ఎటువైపూ పనికిరాదు. ఇక గుర్తుపెట్టుకోవడం సంగతంటారా, నన్నడిగితే ఆ పనే వద్దంటాను. ఈ చాప్టర్లో తప్పులు చేసేది ఎక్కువగా బట్టీ పట్టినవాళ్లే.

సాయంత్రాలు మా ఇంట్లో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. వాళ్లలో ఒకమ్మాయి చాలా చురుకైనది. ఒకరోజు ఆమెకు ∫₀¹ 1/√x dx ఇచ్చాను. పెన్ను ఇలా పెట్టి అలా తీసింది. "p సగమే కదండీ, ఒకటి కంటే తక్కువ. డైవర్జెంట్" అంది. ఎక్కడిదమ్మా ఈ రూలు అంటే, బ్యాగులోంచి కోచింగ్ మెటీరియల్ తీసి చూపించింది. ఎర్ర గళ్లలో ఉంది: p > 1 కన్వర్జెంట్, p ≤ 1 డైవర్జెంట్. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్న ముక్క మాత్రం ఆ గళ్లలో లేదు. అది అనంత శ్రేణుల చాప్టర్లోంచి ఎత్తి తెచ్చిన రూలు. శ్రేణిలో n ఒకటి నుంచి పైకే పోతుంది, సున్నా దగ్గరికి వచ్చే ప్రశ్నే లేదు కాబట్టి అక్కడ ఆ ముక్క అవసరం పడదు. ఇంటిగ్రల్‌కి వచ్చేసరికి అదే ప్రాణం. ఇలాంటి గళ్లు అచ్చేసేవాళ్ల మీద నాకున్న కోపం ఇప్పుడు మొదలుపెడితే సమాధానం ఇక్కడే ఆగిపోతుంది.

రూలు పక్కన పెట్టించి, ముందు 1/x గ్రాఫ్ గీయమన్నాను. 1 దగ్గర మొదలుపెట్టి సున్నా వైపు సగం సగం కోస్తూ వెళ్లాలి: 1 నుంచి 1/2, 1/2 నుంచి 1/4, 1/4 నుంచి 1/8, ఇలా. ప్రతి ముక్క వెడల్పు ముందు ముక్కలో సగం. ఎత్తు మాత్రం రెట్టింపు. ఒకటి సగమై, ఇంకొకటి రెట్టింపైతే వైశాల్యం మారదు. మొదటి ముక్క ln 2, అంటే 0.693. రెండోదీ 0.693, పదోదీ 0.693. "ముక్కలు ఎన్ని ఉంటాయి?" అంటే "అంతంటూ ఉండదండీ" అంది. మరి 0.693 ని అంతులేకుండా కూడుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుంది? కుడివైపు 1 నుంచి 2, 2 నుంచి 4, 4 నుంచి 8 అని వెళ్లినా ఇదే కథ. వెడల్పు రెట్టింపు, ఎత్తు సగం, మళ్లీ 0.693. అందుకే 1/x రెండు వైపులా చెడింది.

ఇప్పుడు 1/√x. సున్నా వైపు వెళ్తుంటే వెడల్పు ఎప్పటిలాగే సగమవుతుంది కానీ ఎత్తు రెట్టింపు కాదు, 1.414 రెట్లే పెరుగుతుంది. కాబట్టి ప్రతి ముక్కా ముందుదానిలో 0.707 వంతు. ఆ అమ్మాయి క్యాలిక్యులేటర్ మీద ఒక్కొక్కటీ వేసింది: 0.586, 0.414, 0.293, 0.207. నాలుగోది వేశాక తనే ఆగి "ఇది జీపీ కదండీ!" అంది. అవును, గుణశ్రేణే. మొత్తం సరిగ్గా 2. గ్రాఫ్ సున్నా దగ్గర ఆకాశానికి పోతున్నా కింద వైశాల్యం రెండే. అదే 1/√x ని కుడివైపు కోస్తే ముక్కలు 0.83, 1.17, 1.66 అని పెరుగుతూ పోతాయి, అక్కడ ఆశ లేదు.

1/x² కి అంతా తలకిందులు. కుడివైపు ముక్కలు 1/2, 1/4, 1/8, మొత్తం 1. సున్నా వైపు 1, 2, 4, 8.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. కుడివైపు ఒక ముక్క నుంచి తర్వాతి ముక్కకు నిష్పత్తి 2^(1−p). ఎడమవైపు దానికి తిరగేసినది, 2^(p−1). నిష్పత్తి ఒకటి కంటే తక్కువైతే కన్వర్జ్, లేకపోతే లేదు. ఒకటి తగ్గితే రెండోది పెరిగి తీరాలి కాబట్టి, ఒకే p రెండు చోట్లా పనిచేయదు. 0 నుంచి అనంతం దాకా ∫ 1/x^p dx ఏ p కీ కన్వర్జ్ కాదు.

రెండు చివర్లూ గట్టెక్కాలంటే ఫంక్షన్ మధ్యలో ఘాతం మార్చుకోవాలి. 1/(√x(1+x)) తీసుకోండి. సున్నా దగ్గర 1+x దాదాపు 1 కాబట్టి ఇది 1/√x లాంటిది, p సగం, పాస్. దూరం పోయాక 1+x అంటే x ఏ అనుకోవచ్చు, కాబట్టి 1/x^(3/2) లాంటిది, p ఒకటిన్నర, ఇదీ పాస్. x = t² పెడితే 2∫ dt/(1+t²) అయి, 0 నుంచి అనంతం దాకా విలువ π వస్తుంది. పరీక్షలో ఇలాంటిది వస్తే 1 దగ్గర రెండు ముక్కలు చేసి రెండు చివర్లూ విడివిడిగా చూడండి. ఒక్క చివర చెడినా మొత్తం చెడినట్టే.

ఇంకో రకం ఉంది. ∫ 1/x² dx, −1 నుంచి 1 దాకా. కళ్లు మూసుకుని −1/x లో హద్దులు వేసేస్తే −2 వస్తుంది. గ్రాఫ్ మొత్తం అక్షానికి పైనే ఉంటే వైశాల్యం మైనస్ ఎలా వస్తుందండీ? సున్నా మధ్యలో దాక్కుని ఉంది, అక్కడ p = 2, కాబట్టి ఇది డైవర్జెంట్. హద్దుల్లో అనంతం గుర్తు కనిపిస్తేనే జాగ్రత్తపడే అలవాటు మానుకుంటే ఇలాంటివి దొరికిపోతాయి.

ఇక "కంప్యూటర్లో వేసి చూస్తే తెలిసిపోతుంది కదా" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. p ఒకటికి దగ్గరగా ఉంటే తెలియదు. 1 నుంచి పది లక్షల దాకా 1/x వేస్తే 13.8. p = 1.01 తో వేస్తే 12.9. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఆగుతుందో, ఏది ఆగదో ఎవరు చెప్పగలరు? రెండోదాని మొదటి ముక్క 0.691, నిష్పత్తి 0.993. తగ్గుతోంది, కానీ తగ్గినట్టే ఉండదు. దాని మొత్తం 1/(p−1), అంటే సరిగ్గా 100. అందులో 99 రావాలంటే x ని 10^200 దాకా తీసుకెళ్లాలి.