టెక్ సందేహాలు: ‘వాడుకునేలా చేసి పెట్టు’ అంటే ఆడియోకి ఏం చేయాలి?

ప్రశ్న: మా మాస్టారు పొందూరు ఖద్దరు గురించి, నూలు వడికే ఒక పెద్దావిడతో మాట్లాడి రికార్డు చేసిన 47 నిమిషాల ఎంపీత్రీ ఫైలు పంపించారు. “బాబూ, దీన్ని వాడుకునేలా చేసి పెట్టు” అన్నారు, అంతే. షో నోట్స్, చాప్టర్లు పెడితే సరిపోతుందా? ఎలా పెట్టాలి? ఫైలు మీకూ పంపుతున్నానండీ. (డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: సరిపోతుంది. 47 నిమిషాలూ కూర్చుని వినే తీరిక లేనివాళ్లకు కూడా ఇది పనికిరావాలన్నదే మాస్టారి ఉద్దేశమై ఉంటుంది. వాలుగ చేప దవడతో పత్తి ఎలా శుభ్రం చేస్తారో తెలుసుకోవాలని వచ్చినవాళ్లకు ఆ చోటు వెంటనే దొరకాలి. దగ్గులు కత్తిరించమని గానీ, ఆవిడ యాస ఉన్న మాటలు తీసేయమని గానీ ఆయన అడగలేదు కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. అసలు ఫైలును వేరే ఫోల్డర్‌లో భద్రంగా ఉంచి, దాని కాపీ మీద పని చేయండి.

మొదట తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ముందు మ్యూజిక్ ఏమైనా కలుపుతారా అని మాస్టారిని ఇప్పుడే అడగండి. చాప్టర్లన్నీ పెట్టాక ముందు 12 సెకన్ల మ్యూజిక్ చేరిస్తే, మొదటిది తప్ప మిగతా సమయాలన్నీ 12 సెకన్లు తప్పుతాయి. ఆడియో ఇక మారదు అనుకున్నాకే సమయాలు రాయడం మొదలుపెట్టండి.

ఆ తర్వాత ఫైలును ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వినండి. విషయం మారిందనిపించిన ప్రతిచోటా `Ctrl+M` నొక్కితే అక్కడ ఒక లేబుల్ పడుతుంది, దానికి పేరు టైప్ చేయండి. ప్రశ్న అడిగిన ప్రతిచోటా చాప్టర్ పెట్టనక్కర్లేదు. మాస్టారు 20 దాకా ప్రశ్నలు అడిగారు గానీ, వినేవాళ్లు వెతుక్కుంటూ వచ్చే చోట్లు ఏడుకు మించి లేవు. గుర్తును జవాబు మొదలయ్యే దగ్గర కాకుండా, ప్రశ్న మొదలయ్యే క్షణానికి కొంచెం ముందు పెట్టండి. లేకపోతే వినేవాళ్లు మాట మధ్యలో వచ్చి పడతారు. మీ ఫైలులో రాట్నం గురించిన ప్రశ్న మాత్రం చాలా సాగింది. అక్కడ ప్రశ్న చివరి వాక్యం దగ్గర పెట్టడమే మేలు.

నేను విన్నంతలో చాప్టర్లు ఇలా వస్తాయి:

```
00:00 పరిచయం
02:10 కొండపత్తి, ఎర్రపత్తి తేడా
09:45 వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం
18:30 దూది ఏకడం, ఏకులు చుట్టడం
26:05 ఒంటి కదురు రాట్నం, సన్న నూలు
38:20 వడికినందుకు వచ్చే కూలి
44:50 అసలు పొందూరు ఖద్దరు గుర్తుపట్టడం
```

పేర్లలో అసలు మాట ముందుండేలా చూసుకోండి, ఫోన్ తెరమీద చివరి భాగం కనిపించకపోవచ్చు. ‘ఆసక్తికర విశేషాలు’ లాంటి పేరు పెడితే అక్కడ ఏముందో ఎవరికీ తెలియదు. యూట్యూబ్‌లో పెడితే ఈ జాబితానే వివరణలో అతికించండి. మొదటిది `00:00` అయి ఉండాలి, కనీసం మూడు సమయాలు వరుసక్రమంలో ఉండాలి, ఒక్కో చాప్టర్ 10 సెకన్లకు తగ్గకూడదు. ఇందులో ఏది తప్పినా చాప్టర్లు అసలు కనిపించవు.

షో నోట్స్‌లో పైన మూడు వాక్యాల సారాంశం, కింద ఈ జాబితా, ఆ తర్వాత సంభాషణలో వచ్చిన పేర్లు ఉంటే చాలు. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. మాటల్ని రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ వాడితే వెతుక్కోవడానికి సులువే గానీ, ‘ఏకులు’, ‘కదురు’, ‘వాలుగ’ లాంటి మాటలూ, మన వైపు ఊళ్ల పేర్లూ అది తరచు తప్పు రాస్తుంది. నోట్స్‌లోకి వెళ్లే ప్రతి పేరునూ ఆ చోటికి వెళ్లి మీ చెవులతో వినే రాయండి. వినబడనిది ఊహించి పూరించకుండా, సమయంతో సహా పక్కన రాసుకుని మాస్టారిని అడగండి. పెద్దావిడ చెప్పిన సంవత్సరాలు, కూలి లెక్కలు ‘ఆవిడ చెప్పిన ప్రకారం’ అని రాయండి. చివర్లో ఆవిడ తన సెల్ నంబరు చెప్పారు. అది నోట్స్‌లో వద్దు. ఆడియోలో ఉంచాలో వద్దో ఆవిడనే అడిగి చెప్పమని మాస్టారికి గుర్తుచేయండి.

మాటలు ఎప్పుడూ వరుసగా నడవవు. చేప దవడ గురించి ఆవిడ 31:40 దగ్గర మళ్లీ మాట్లాడారు, అదీ మొదటిసారి కన్నా వివరంగా. దానికి ఇంకో చాప్టర్ పెడితే రాట్నం విషయం రెండు ముక్కలవుతుంది. కాబట్టి చాప్టర్ పెట్టకుండా, నోట్స్‌లో ‘దవడను ఎలా పట్టుకోవాలో 31:40 దగ్గర చూపిస్తూ చెప్పారు’ అని ఒక వాక్యం రాయండి.

ఆపిల్ పాడ్‌కాస్ట్స్ లాంటి యాప్‌లు ఎంపీత్రీ లోపలే దాచిన చాప్టర్లను చదువుతాయి. అలా దాచడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఆడాసిటీలో `Export Labels` చేస్తే సమయాలన్నీ సెకన్లలో వస్తాయి. వాటిని వెయ్యితో గుణించి, `chapters.txt` అనే ఫైలులో ఇలా రాయండి. దాన్ని యూటీఎఫ్-8లోనే సేవ్ చేయాలి, లేకపోతే తెలుగు అక్షరాలు పాడవుతాయి.

```
;FFMETADATA1
title=పొందూరు ఖద్దరు
[CHAPTER]
TIMEBASE=1/1000
START=0
END=130000
title=పరిచయం
[CHAPTER]
TIMEBASE=1/1000
START=130000
END=585000
title=కొండపత్తి, ఎర్రపత్తి తేడా
```

మిగతా ఐదూ ఇలాగే. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఆదేశం ఇవ్వండి, ఇందులో `final.mp3` అంటే మీ ఆడియో ఫైలు:

```
ffmpeg -i final.mp3 -i chapters.txt -map 0:a -map_metadata 1 -map_chapters 1 -c copy out.mp3
```

`-c copy` ఉండటం వల్ల ఆడియో మళ్లీ కుదింపుకు గురికాదు, నాణ్యత తగ్గదు. చాప్టర్లు ఎక్కాయో లేదో `ffprobe -show_chapters out.mp3` చెబుతుంది.

అది సరే అన్నా, ఫోన్‌లో ఒకసారి వినకుండా పంపకండి. రెండో చాప్టర్, మధ్యలో ఒకటి, చివరిది నొక్కి చూడండి. అన్నీ ఒకే అంత తప్పితే, ముందు ఏదో చేరిందన్నమాట. ఆ తేడాను మొదటిది తప్ప అన్నింటికీ కలపాలి. ఒక చోటు నుంచి మాత్రమే తప్పితే అక్కడ ఏదో కత్తిరించారు, లేదా ప్రకటన పెట్టారు. మొదట్లో సరిగ్గా ఉండి, చివరికి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంటే ఆ ఎంపీత్రీ మారే బిట్‌రేట్‌తో తయారై ఉండొచ్చు. అలాంటి ఫైళ్లలో కొన్ని యాప్‌లు చోటును అంచనాతో వెతుకుతాయి. అప్పుడు మీ సమయాలను ముట్టుకోకుండా, ఆడాసిటీలో స్థిరమైన బిట్‌రేట్ ఎంచుకుని ఆడియోను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, పై ఆదేశం మళ్లీ నడపండి. ఇందులో ఉన్నవి మాటలే కాబట్టి మోనోలో 96 కేబీపీఎస్ సరిపోతుంది.

మాస్టారికి `out.mp3`, నోట్స్ ఉన్న టెక్స్ట్ ఫైలు రెండూ పంపండి. వాటితోపాటు మీరు తీసుకున్న నిర్ణయాలు రెండు వాక్యాల్లో చెప్పండి: ఆడియోలో ఏమీ కత్తిరించలేదని, సెల్ నంబరు నోట్స్‌లో రాయలేదని. స్పష్టంగా వినబడని పేర్ల జాబితా కూడా సమయాలతో పంపితే, ఆయన ఆ చోట్లు మాత్రమే విని సరిదిద్దగలరు.