తమ్ముడి నిద్ర: అసలు చిక్కు ఆదివారంలో ఉంది

"మా తాతగారు రాత్రి 8కి పడుకుని 3కే లేచిపోతారు. ఇంటర్ చదివే తమ్ముడికి 12:30 దాటితే గాని నిద్ర పట్టదు, 6కి లేపితే లేవడు. ఆదివారం 11 దాకా పడుకుంటాడు. బద్ధకమా?"

బద్ధకం కాదు. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ ఆలస్యంగా మొదలవుతుంది. అతనికి 8 నుంచి 10 గంటలు కావాలి, దొరుకుతున్నది ఐదున్నరే.

అందరూ పట్టించుకోకుండా వదిలేసేది ఆదివారం ఉదయం నిద్రనే. 11 దాకా పడుకుంటే ఒంటి లోపలి గడియారం ఇంకా వెనక్కి జరుగుతుంది, ఆ రాత్రి తొందరగా నిద్ర రాదు.

1. ఆదివారం కూడా 7 దాటనివ్వకండి. లోటు ఉంటే శనివారం రాత్రి తొందరగా పడుకోమనండి.
2. లేవగానే అరగంట ఆరుబయట ఉండాలి. చెరువు గట్టు మీద నడిచినా చాలు, ఆ వెలుతురే గడియారాన్ని ముందుకు జరుపుతుంది.
3. పడుకునే వేళ రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు తెండి. 10 గంటలకు రావడానికి దాదాపు నెల పడుతుంది.
4. రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టండి.

తాతగారితో పాటు 3కి మాత్రం లేపకండి. వయసు పైబడితే గడియారం ముందుకు జరుగుతుంది. ఆయనకు 7 గంటల నిద్ర పడుతోంది, అది సరిపోతుంది.

తమ్ముడికి గట్టిగా గురక ఉన్నా, నెల తర్వాతా మార్పు లేకపోయినా డాక్టర్‌కు చూపించండి.