రెండు నెలలకే ఇంకొకరు: తొందరపడుతున్నానా?

"నాలుగేళ్ల ప్రేమ రెండు నెలల కిందట తెగిపోయింది. ఇప్పుడు ఆఫీసులో ఒకబ్బాయి దగ్గరవుతున్నాడు. నేను రెడీగా ఉన్నానో లేదో ఎలా తెలుస్తుంది? మాది ఒంగోలు."

చెల్లీ, నెలలు లెక్కపెట్టుకోవద్దు, దీనికి గడువంటూ లేదు. నీకు కావాల్సింది ఈ అబ్బాయా, లేక రాత్రి పదింటికి మోగే ఫోనా, అది చూసుకో.

మాది కావలి. నేను విడిపోయిన నెలన్నరకే ఒకమ్మాయితో మొదలుపెట్టా. తుమ్మలపెంట బీచ్‌లో ఇద్దరం ఫోటో దిగి, వాట్సాప్ స్టేటస్ పెట్టి, పాతామె చూసిందా లేదా అని గంటలో ఇరవైసార్లు ఫోన్ తీశా, పక్కన కూర్చున్న మనిషి ఏం మాట్లాడిందో ఒక్క ముక్క గుర్తులేదు. మూడు నెలల్లో అదీ పోయింది. తప్పు నాదే.

అందుకే ఓ పది రోజులు, అతనికి ముందే చెప్పి, రాత్రి ఫోన్లు ఆపు. మొదటి రెండు మూడు రాత్రులు ఎవరికైనా టెన్షన్‌గానే ఉంటుంది, వాటిని వదిలెయ్. ఆ తర్వాత కూడా అతని మాట తీరు, అతను నవ్వించిన సంగతులే గుర్తొస్తుంటే మంచిదే. ఎవరో ఒకరు మాట్లాడితే చాలనిపిస్తే మాత్రం ఇంకొన్నాళ్లు ఆగు. పాతతను "వచ్చెయ్" అని మెసేజ్ పెడితే ఏం చేస్తావో కూడా ఊహించుకో. కాస్త బాధ మామూలే, కానీ ఒళ్లు మండిపోయినా, పరిగెత్తాలనిపించినా, రెండింటికీ అర్థం ఒకటే, అది ఇంకా తెగలేదు.

ఒకే ఆఫీసు కాబట్టి, చెడితే రోజూ ఎదురుపడాలి. "రెండు నెలలే అయింది, మెల్లగా వెళ్దాం" అని అతనికి ఇప్పుడే చెప్పు. దానికే మొహం మాడ్చుకుంటే పది రోజులు కూడా అక్కర్లేదు.